బర్రె ఆటో ఎక్కనన్న రోజు

తెలంగాణ పల్లెలో ఏడో తరగతి చదివే ఒక అమ్మాయి 'మా గేదె' అని పేరు పెట్టి ఇలా రాసిందనుకుందాం.

"మా ఇంట్లో గేదె ఉండేది. అది నల్లగా ఉండేది. పాలు బాగా ఇచ్చేది. మొన్న మా నాన్న దాన్ని అమ్మేశాడు. అందరం చాలా భాదపడ్డాం. గేదెలు మనకు ఎంతో ఉపయొగపడతాయి. మనం జంతువులను ప్రేమించాలి."

ఈ నోటుపుస్తకం టీచర్ బల్ల మీదికి చేరాక జరిగేది మనందరికీ తెలుసు. 'భాద' కింద ఎర్రగీత పడి పక్కన 'బాధ' అని వస్తుంది. 'యొ'కు దీర్ఘం వస్తుంది. అడుగున ఒక టిక్కు, తేదీ, పొట్టి సంతకం. పిల్ల ఆ రెండు మాటలూ దిద్దుకుని ఇంకోసారి శుభ్రంగా ఎక్కిస్తుంది. రెండో ప్రతిలో తప్పులు ఉండవు. గేదెను ఎందుకు అమ్మారో, ఆ పూట ఇంట్లో ఏం జరిగిందో మాత్రం మొదటి ప్రతిలో ఎంత తెలిసిందో రెండో ప్రతిలోనూ అంతే తెలుస్తుంది.

ఈ పద్ధతి మీద గట్టిగా అభ్యంతరం చెప్పినవాళ్లలో ఒకరు అమెరికన్ పాత్రికేయుడు డొనాల్డ్ ముర్రే. బోస్టన్ హెరాల్డ్ పత్రికలో రాసిన సంపాదకీయాలకు 1954లో పులిట్జర్ బహుమతి అందుకున్న మనిషి. తర్వాత న్యూ హాంప్‌షైర్ విశ్వవిద్యాలయంలో రాత నేర్పడానికి వెళ్లాడు. పత్రికలో పనిచేసిన వాడికి తెలియనిదేముంది? ఏ వ్యాసమూ ఒక్క ఊపులో పూర్తి కాదు. రాస్తూ రాస్తూ ఉంటేనే ఏం చెప్పాలనుకున్నామో తెలిసివస్తుంది. మరి బడిలో పిల్లవాడు మొదటిసారి పెట్టిన అక్షరాన్నే చివరి రాత అనుకుని ఎందుకు దిద్దుతున్నాం అన్నది ఆయన ప్రశ్న. రాతను అయిపోయిన వస్తువులా కాక జరుగుతున్న పనిలా నేర్పాలని 1972లో ఆయన రాసిన చిన్న వ్యాసం ఉపాధ్యాయ లోకంలో చాలా దూరం వెళ్లింది. అదే విశ్వవిద్యాలయానికి చెందిన డొనాల్డ్ గ్రేవ్స్ 1970ల చివర్లో ఆట్కిన్సన్ అనే ఊరి ప్రాథమిక పాఠశాలలో రెండేళ్లపాటు పిల్లలు రాస్తుంటే పక్కన కూర్చుని గమనించాడు. ఆ అనుభవంతో 1983లో ఆయన తెచ్చిన పుస్తకం తర్వాత 'ప్రాసెస్ రైటింగ్' అన్న మాట బడుల్లో స్థిరపడింది.

పద్ధతి చెప్పడానికి తేలికే. ముందు చిత్తుప్రతి రాయాలి, తోటిపిల్లలకు చదివి వినిపించాలి, వాళ్లు అన్నది విని తిరగరాయాలి, అక్షరదోషాలు ఆఖర్న చూసుకోవాలి. చేయించబోతే చిక్కు తిరగరాత దగ్గరే వస్తుంది. నాన్సీ సోమర్స్ అనే పరిశోధకురాలు కాలేజీలో కొత్తగా చేరిన 20 మందినీ, రాతలో చేయి తిరిగిన 20 మందినీ పోల్చి 1980లో ఒక వ్యాసం ప్రచురించింది. విద్యార్థుల దృష్టిలో తిరగరాయడమంటే మాటలు మార్చడం. ఒకే మాట రెండుసార్లు వస్తే ఒకటి తీసేసి ఇంకోటి పెట్టడం. అనుభవజ్ఞులు అలా కాదు, అసలు చెబుతున్న విషయాన్నే కదిలించి చూశారు. చదివేవాడు తమ ముందు కూర్చుని ఉన్నట్టు ఊహించుకుని, అతడికి ఎక్కడ అడ్డు తగులుతుందో వెతికారు. కాలేజీ పిల్లలకే పట్టుబడని ఈ ఊహ పన్నెండేళ్ల పిల్లకు ఎలా వస్తుంది? రాదు. అందుకే ఆమె ఎదుట నిజంగానే ముగ్గురిని కూర్చోబెడతారు. తోటిపిల్లల స్పందన అనే ఏర్పాటుకు కారణం ఇదే. టీచర్‌కు దిద్దుడు పని తగ్గించడానికి పెట్టింది కాదు.

అందువల్ల ఆ ముగ్గురికి అప్పగించే పని కూడా దిద్దడం కాదు. ఎక్కువ తరగతుల్లో పథకం కూలిపోయేది ఇక్కడే. "ఒకరి రాత ఒకరు చూసుకోండి" అని నోటుపుస్తకాలు మార్పిస్తే పిల్లలు తమకు తెలిసిన టీచర్ పాత్రే వేస్తారు. పక్కవాడి పుస్తకంలో ఒత్తులు, దీర్ఘాలు వెతుకుతారు. లేదంటే స్నేహం చెడకుండా "బాగుంది" అనేసి తిరిగి ఇచ్చేస్తారు. పుస్తకం చేతులు మారకుండా చూస్తే మొదటి చిక్కు చాలావరకు పోతుంది. రాసిన పిల్ల తన రాతను తనే పైకి చదువుతుంది. వినేవాళ్లకు అక్షరాలు కనిపించవు గనుక 'భాద' వాళ్ల చెవికి అంతగా తగలదు, విషయమే తగులుతుంది.

చదవడం అయ్యాక వినేవాళ్లు రెండే పనులు చేయాలి. తమకు అర్థమైనది సొంత మాటల్లో తిరిగి చెప్పాలి. తర్వాత ఇంకా తెలుసుకోవాలనిపించిన సంగతిని ఒక్కొక్కరు ఒక్కొక్క ప్రశ్నగా అడగాలి. మెచ్చుకోళ్లు, సలహాలు మొదటి నెలలో అసలు వద్దంటే మేలు. "ఇలా రాస్తే బాగుంటుంది" అన్న సలహా వినగానే రాసిన పిల్ల చేతిలోని కలం సలహా ఇచ్చినవాడి చేతిలోకి వెళ్లిపోతుంది. ప్రశ్నతో ఆ ప్రమాదం తక్కువ. జవాబు ఇంకా ఆమె దగ్గరే ఉంటుంది.

మన అమ్మాయి జట్టులో ఏం జరుగుతుందో చూద్దాం. ఆమె చదివింది. "మీకు బర్రె ఉండె, మీ నాయిన అమ్మిండు, మీరు ఏడ్సిన్రు" అని ఒకడు తిరిగి చెప్పాడు. ఏడ్చామని తను రాయలేదే అని ఆమెకు తట్టింది. బాధపడ్డాం అనే కదా రాసింది? తను రాసినదానికీ ఎదుటివాడు పట్టుకున్నదానికీ మధ్య ఉన్న తేడా ఆమెకు కనిపించిన మొదటి క్షణం అది. తర్వాత ప్రశ్నలు వచ్చాయి. "ఎందుకు అమ్మిన్రు?" "తీస్కపోయేటప్పుడు నువ్వు ఇంట్లనే ఉన్నవా?" "మీ అమ్మ ఏమన్నది?" ఈ మూడింటినీ ఆమె చిత్తుప్రతి పక్కన రాసుకోవాలి. అక్కడికక్కడ నోటితో జవాబు చెప్పేస్తే జట్టుకు కుతూహలం తీరిపోతుంది, ఆమెకు చెప్పేశానన్న తృప్తి కలుగుతుంది, కాగితం మీదికి మాత్రం ఏమీ రాదు. మరీ మాటకు తడుముకునే పిల్లలైతే ఒక ప్రశ్నకు నోటితో చెప్పనిచ్చి, వెంటనే "ఇప్పుడన్నది రాసెయ్" అనడం మంచిది.

మూడు ప్రశ్నలకూ జవాబు రాయాలన్న నియమం లేదు. ఏది తీసుకోవాలో, ఏది వదిలేయాలో ఆమె ఇష్టం. మరుసటి పీరియడ్‌లో వచ్చిన రెండో చిత్తుప్రతి ఇది.

"పొద్దుగాల ట్రాలీ ఆటో వచ్చింది. బర్రె ఎక్కుతలేదు. కొనుక్కున్నాయన తోక మెలిపెట్టిండు. నాయిన ఆగు అని ఆయన్ని పక్కకు జరిపిండు. తనే తలుగు పట్టుకొని ముందుగాల ఎక్కిండు. బర్రె నాయిన ఎనక ఎక్కింది. అమ్మ బయటికి రాలేదు. అక్క పెండ్లికి తెచ్చిన అప్పు తీర్చనీకి అమ్మినమని నాకు తర్వాత చెప్పిన్రు. పొద్దుమీకి అమ్మ కుడితి కలిపింది. కలిపినంక గుర్తొచ్చింది. అందరం చాలా భాదపడ్డాం. మనం జంతువులను ప్రేమించాలి."

ఇందులో రెండు సంగతులు గమనించాలి. మొదటిది భాష. పాఠ్యపుస్తకపు 'గేదె' పోయి ఇంట్లో పిలిచే 'బర్రె' వచ్చింది, 'అమ్మేశాడు' స్థానంలో 'ఎక్కిండు' వచ్చింది. ఎరువు తెచ్చుకున్న వాక్యాలు వదిలి చూసినది రాయడం మొదలుపెడితే ఇంటి భాష దానంతట అదే వస్తుంది. దీన్ని ఈ దశలో ముట్టుకోకూడదు. ఇక్కడ 'ఎనక' కాదు 'వెనుక' అని ఆపితే పిల్ల మళ్లీ "పాలు బాగా ఇచ్చేది" దగ్గరికి వెళ్లి తలదాచుకుంటుంది.

రెండోది ఆఖరి రెండు వాక్యాలు. అమ్మ కుడితి కలిపిన మాట తర్వాత "అందరం చాలా భాదపడ్డాం" అని చెప్పాల్సిన పని లేదని పెద్దవాళ్లకు వెంటనే తెలుస్తుంది. పిల్లకు తెలియదు. పిల్లలు తిరగరాతలో చేర్చడం తొందరగా నేర్చుకుంటారు. ప్రశ్న వచ్చింది, జవాబు చేర్చారు, అంతే. కొట్టేయడం మాత్రం కష్టపడి నింపిన పేజీని పోగొట్టుకోవడంలా అనిపిస్తుంది. చోటు మార్చడమైతే చాలామందికి అసలు తట్టనే తట్టదు. రెండో విడత జట్టులో కూర్చున్నప్పుడు వినేవాళ్లకు ఒక్క కొత్త పని ఇవ్వవచ్చు. ఎక్కడ వినబుద్ధి ఎక్కువైందో, ఎక్కడ తగ్గిందో చెప్పమనాలి. ఈ చిత్తుప్రతి విన్నవాళ్లు ఆఖరి వాక్యం దగ్గర తగ్గిందంటారు, అది బడి పుస్తకంలా ఉందంటారు. అప్పు సంగతి అమ్మకూ కుడితికీ మధ్యలో అడ్డం పడిందని కూడా ఎవరో ఒకరికి అనిపించవచ్చు. అప్పుడామె అప్పు వాక్యం చుట్టూ గీత గీసి, బాణం గుర్తుతో మొదటికి పంపుతుంది. చివరి రెండు వాక్యాలు కొట్టేస్తుంది. జంతువులను ప్రేమించాలన్న వాక్యాన్ని ఉంచుకుంటానని పట్టుబడితే? ఉంచుకోనివ్వాలి. నీతివాక్యంతో ముగించకపోతే మార్కులు రావని ఆరేళ్లుగా నేర్చుకున్న పిల్ల ఒక్క వారంలో మారదు.

బాణాలు, కొట్టివేతలు అన్నాను కదా, వాటికి కాగితం మీద చోటుండాలి. ఈ పద్ధతిని చాలా చోట్ల చంపేది తిరిగి ఎక్కించే చాకిరీ. ఒక పేజీ రాయడానికి ముప్పావుగంట పట్టే పిల్లలున్నారు. వాళ్లకు "మళ్లీ రాయి" అన్న మాట ఇంపోజిషన్‌లాగే వినిపిస్తుంది. అందుకే చిత్తుప్రతిని గీత విడిచి గీత రాయించాలి, కాగితానికి ఒక వైపే రాయించాలి. చేర్చాల్సినవి ఖాళీ గీతల్లోకి, వెనక పేజీలోకి నక్షత్రం గుర్తుతో వెళ్తాయి. పేరాలు తారుమారు చేయాలంటే కత్తెరతో కోసి వరస మార్చి అంటించవచ్చు, పిల్లలకు అది ఇష్టమైన పని కూడా. శుద్ధప్రతి ఒక్కటే, అదీ ఆఖర్న. పైగా మొదలుపెట్టిన ప్రతి రాతా శుద్ధప్రతి దాకా రావాల్సిన పని లేదు. మూడు నాలుగు చిత్తుప్రతులు ఫైలులో పెట్టుకుని, వాటిలో ఒకదాన్ని ఎంచుకుని చివరిదాకా తీసుకువెళ్తే చాలు. చిత్తుప్రతి చిందరవందరగా ఉందని మందలించే బడిలో ఈ పని సాగదు.

అక్షరదోషాల సంగతి తేలిగ్గా తీసుకోమని ఎవరూ అనలేదు. వాటికో పీరియడ్ ఉంది, అది చివరిది. ఒక్కసారే అన్నీ చూడమంటే పిల్లలకు ఏదీ కనిపించదు. ఒక వారం ఒత్తక్షరాలు, ఇంకో వారం ల-ళ, న-ణ తేడాలు, మరో వారం ఎవరో అన్న మాటల చుట్టూ పెట్టే కొటేషన్ గుర్తులు. ఈసారి చిత్తుప్రతులు చేతులు మారవచ్చు, ఎందుకంటే ఇప్పుడు చూడాల్సింది అక్షరమే. తరచూ తప్పే మాటలను ఎవరి నోటుపుస్తకం వెనక వాళ్లు జాబితాగా రాసుకుంటారు. మన అమ్మాయి జాబితాలోకి 'బాధ' ఇప్పుడు చేరుతుంది, ఆ మాట ఉన్న వాక్యం కొట్టేసినా సరే. ఇంటి భాష మాట కూడా ఇప్పుడే తేల్చుకోవాలి. మనుషుల నోటి మాటలు ఉన్నవి ఉన్నట్టు ఉంచి, కథ చెప్పే వాక్యాలను పాఠ్యపుస్తకం తీరుకు మార్చడం ఒక దారి. తరగతి పత్రికకైతే మొత్తం ఇంటి భాషలోనే వదిలేయడం ఇంకో దారి. పరీక్షలో ఏది చెల్లుతుందో, పత్రికలో ఏది చెల్లుతుందో టీచర్ దాపరికం లేకుండా చెప్పాలి. బర్రె అన్న మాటను మాత్రం నేనైతే ఎక్కడా మార్చనివ్వను.

ఇదంతా మన పీరియడ్‌లలో పడుతుందా? విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమికోన్నత తరగతుల్లో 35 మంది పిల్లలకు ఒక టీచర్ ఉండాలి. ముగ్గురేసి జట్టు అనుకుంటే దాదాపు పన్నెండు జట్లు. ఒక్కొక్కరికి పది నిమిషాలు కేటాయించాలి. చదవడానికి రెండు మూడు, తిరిగి చెప్పడానికి రెండు, మిగతావి ప్రశ్నలకు, వాటిని రాసుకోవడానికి. ముగ్గురికీ కలిపి అరగంట. నలభై ఐదు నిమిషాల పీరియడ్‌లో సర్దుకోవడానికి, గోల తగ్గడానికి పోను సరిపోతుంది. అయిదుగురి జట్టు చేస్తే ఇద్దరి వంతు రాకుండానే గంట కొడతారు. చిత్తుప్రతికి ఒకటి రెండు పీరియడ్‌లు, జట్టుకు ఒకటి, తిరగరాతకు ఒకటి, దోషాలకు ఒకటి. రెండు వారాల్లో విస్తరించుకుంటే సిలబస్ ఆగదు. మన తెలుగు వాచకాల్లో పాఠం వెనక స్వీయరచన, సృజనాత్మకత అభ్యాసాలు ఎలాగూ ఉన్నాయి. గైడులోంచి దించి ముగించేస్తున్నది వాటినే.

జట్లు వాటంతట అవి నడవవు. మొదటి రెండు మూడు వారాలు టీచరే తన రాతను బల్ల మీద పెట్టాలి. బోర్డు మీద అయిదారు వాక్యాల చిత్తుప్రతి ఒకటి, అది నిజంగానే చప్పగా ఉండాలి. పిల్లలు ప్రశ్నలు అడుగుతుంటే పక్కన రాసుకోవాలి, ఒకటి తీసుకోవాలి, ఒకటి "ఇది ఇప్పుడొద్దు" అని వదలాలి, ఒక వాక్యం అందరూ చూస్తుండగా కొట్టేయాలి. టీచర్ వాక్యం కూడా కొట్టివేతకు గురవుతుందని చూశాక పిల్లల చేతికి కాస్త ధైర్యం వస్తుంది. ఆ తర్వాత ఒక జట్టును తరగతి మధ్యలో కూర్చోబెట్టి మిగతావాళ్లను చుట్టూ నిలబెట్టి చూపించాలి. ఏ ప్రశ్నకు రాసినవాడు ఆలోచనలో పడ్డాడు, ఏ ప్రశ్న వల్ల ఏమీ కదల్లేదు అని చూసినవాళ్లే చెబుతారు.

ఎవరిని ఎవరితో కూర్చోబెట్టాలన్నది ఇంకా సున్నితమైన విషయం. పిల్లలనే ఎంచుకోమంటే స్నేహాలతో పాటు వాడల లెక్కలు, ఆడ-మగ లెక్కలు అన్నీ వచ్చి కూర్చుంటాయి. ర్యాంకుల ప్రకారం ఒక తెలివైన పిల్లను ప్రతి జట్టులో పెడితే ఆమె చిన్న టీచర్ అయిపోతుంది, మిగతా ఇద్దరూ ఆమె చెప్పినట్టు రాస్తారు. టీచరే కలిపి, నెలపాటు జట్టును మార్చకుండా ఉంచడం నయం. ఇంటి సంగతి పైకి చదవాలంటే వినేవాళ్ల మీద నమ్మకం కుదరాలి. అప్పు సంగతి ముగ్గురి మధ్య చెప్పుకోగలిగిన పిల్ల ముప్పై అయిదు మంది ముందు చెప్పుకోలేకపోవచ్చు. చదవనని అనే హక్కు ఎప్పుడూ ఉండాలి. ఎవరైనా వెక్కిరిస్తే ఆ రోజు జట్టుపని ఆపేయాల్సిందే, దాన్ని ఆటగా చూసి వదిలేస్తే మరుసటి వారం చిత్తుప్రతులన్నీ మళ్లీ "గేదెలు మనకు ఎంతో ఉపయోగపడతాయి" దగ్గరికి వస్తాయి.

పని జరుగుతోందో లేదో తెలుసుకోవడానికి రెండు చిత్తుప్రతులు పక్కపక్కన పెట్టి చూస్తే చాలు. అక్షరాలే మారితే జట్టు దిద్దుడు పనిలో పడిందన్నమాట. చివర్లో నాలుగు వాక్యాలు అతికించి ఉంటే ప్రశ్నలకు వరుసగా జవాబులు రాసి బయటపడ్డారన్నమాట. మధ్యలో ఎక్కడో ఏదో పోయి ఉంటే, ఏదో చోటు మారి ఉంటే పిల్ల తన రాతను తానే చదివిందని అర్థం. ఫైలు ఇచ్చేటప్పుడు "నేను మార్చినది ఇది, ఇందుకు మార్చాను" అని ఒక్క వాక్యం రాయించుకుంటే టీచర్‌కు ఇంకా తేలిక. నిర్మాణాత్మక మూల్యాంకనంలో రాత అంశాలకు మార్కులు వేసేటప్పుడు శుద్ధప్రతి కంటే ఆ వాక్యం ఎక్కువ చెబుతుంది.

ఈ పద్ధతికి హద్దులున్నాయి. ప్రామాణిక భాష ఇంట్లో వినని పిల్లలకు "మీకు తోచింది రాయండి" అని వదిలేస్తే ఆ భాష ఎప్పటికీ అందదని అమెరికాలో లీసా డెల్పిట్ అనే నల్లజాతి విద్యావేత్త 1980లలోనే హెచ్చరించింది. ఆ విమర్శ మన తండాలకు, గూడేలకు మరింత వర్తిస్తుంది. స్టీవ్ గ్రాహమ్, డొలొరెస్ పెరిన్ నాలుగు నుంచి పన్నెండో తరగతి వరకు జరిగిన పరిశోధనలను క్రోడీకరించి 2007లో ఇచ్చిన నివేదికలోనూ, ప్రాసెస్ పద్ధతి మొత్తంగా ఇచ్చిన ఫలితం ఓ మాదిరే. పిల్లలు కలిసి ఆలోచించి, రాసి, తిరగరాయడం వల్ల, ఎలా రాయాలో, ఎలా సవరించుకోవాలో విడమరిచి నేర్పడం వల్ల వచ్చిన ఫలితం అంతకంటే బాగా పెద్దది. అంటే జట్లు కట్టించి టీచర్ పక్కకు తప్పుకుంటే లాభం లేదు. పిల్లలు రాసుకుంటున్నప్పుడు ఆయన రోజుకు అయిదారుగురి పక్కనైనా రెండు మూడు నిమిషాలు కూర్చోవాలి, ఎవరికి వాక్యం నిలబడటం లేదో చూసి ఆ ముక్క నేర్పాలి. ఆరో తరగతికి వచ్చినా రెండు వాక్యాలు కలిపి రాయలేని పిల్లలకైతే ముందు నోటితో చెప్పించి, పక్కవాడి చేత రాయించి, ఆ కాగితాన్నే తిరగరాయించడం తప్ప దగ్గర దారి లేదు.

ఇక పరీక్ష. అక్కడ జట్టు ఉండదు, రెండో పీరియడ్ ఉండదు. ప్రశ్న చదివాక రెండు నిమిషాలు ఆలోచించి, రాశాక అయిదు నిమిషాలు మిగుల్చుకుని, వినేవాళ్లు అడగబోయే ప్రశ్న ఏమిటో తనే అడుక్కుని ఒక వాక్యం చేర్చడం, ఒకటి కొట్టేయడం వరకు పిల్లకు అలవాటు చేయవచ్చు. అలా కొట్టివేతలు, బాణం గుర్తులు ఉన్న జవాబుపత్రం వచ్చినప్పుడు శుభ్రత పేరుతో అరమార్కు తగ్గించాలా వద్దా అన్నది స్టాఫ్ రూములో దిద్దేవాళ్లు ముందే కూర్చుని తేల్చుకోవాల్సిన విషయం.